అమ్మినాయనకు ఆ స్థలం ఎలా వచ్చింది: దావా నుంచి డిక్రీ దాకా ఒక ఇంటి స్థలం కేసు

ఈ కేసులో వాది ఒక రిటైరైన ఉపాధ్యాయురాలు. కాజీపేట వైపు, ఒకప్పుడు పత్తి పండిన చెలక ప్లాట్లుగా మారిన చోట, 1996లో రిజిస్టర్డ్ సేల్ డీడ్ ద్వారా ఆమె 200 గజాల స్థలం కొన్నారు. ఇల్లు కట్టలేదు. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి తుమ్మచెట్లు కొట్టించి రావడమే ఆమె అక్కడ చేస్తూ వచ్చిన పని. 2019 ఆగస్టులో ఒక ఉదయం పక్క స్థలం ఆయన ఆమె ప్లాటు నడిమిదాకా కడీలు పాతడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్లి అడిగితే, ఈ జాగ 1991లోనే నేను కొన్న, నా దగ్గర కాగితం ఉన్నది అన్నాడు. ఆమె ఆ మధ్యాహ్నమే సేల్ డీడ్ పట్టుకుని హన్మకొండ కోర్టుకు వచ్చారు. పార్టీల పేర్లు, దావా నంబరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఆమె తరఫు న్యాయవాదిని నేను. కేసు నడిచిన తీరు మాత్రం యువ న్యాయవాదులకూ, స్థల వివాదంలో ఉన్నవారికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి దావా పత్రం నేనే రాశాను, రెండు రోజుల్లో రాశాను. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 7 రూల్ 1 కోరే వివరాలన్నీ అందులో ఉన్నాయి: కోర్టు పేరు, పార్టీల వివరాలు, దావాకు కారణమైన సంఘటనలు, కారణం ఎప్పుడు పుట్టింది, కోర్టుకు అధికారం ఎలా ఉంది, దావా విలువ, కోరే ఉపశమనం. రూల్ 3 ప్రకారం స్థిరాస్తిని గుర్తుపట్టేలా సర్వే నంబరు, నాలుగు హద్దులతో షెడ్యూల్ రాశాను. కోరింది ఒక్కటే: వాది స్వాధీనంలో ప్రతివాది జోక్యం చేసుకోకుండా శాశ్వత ఇంజంక్షన్. దానితో పాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద ఒక ఐ.ఏ., అంటే మధ్యంతర దరఖాస్తు వేశాం. కోర్టు నోటీసు ఇచ్చి, ఇరుపక్షాలూ స్థలాన్ని యథాతథంగా ఉంచాలని ఉత్తర్వు ఇచ్చింది. కడీలు ఆగాయి.

అత్యవసరంలో ఉన్న క్లయింటుకు ఆ రోజు అదే కావాలి కాబట్టి ఆమె సంతోషించారు. కానీ ఆ దావా పత్రంలో ఒక ఖాళీ ఉంది. వాది ఫలానా వారి దగ్గర కొన్నారు, అప్పటి నుంచి స్వాధీనంలో ఉన్నారు అని రాశాను తప్ప, అమ్మిన ఆయనకు ఆ భూమి ఎలా వచ్చిందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. సేల్ డీడ్‌లో కూడా ‘నా పిత్రార్జితం’ అన్న మాట తప్ప మరేమీ లేదు.

జవాబుదావా వేయడానికి సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు గడువు. కారణాలు రాసి కోర్టు దాన్ని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. ప్రతివాది తరఫు న్యాయవాది అనుభవజ్ఞుడు. వాది చెప్పినవన్నీ అబద్ధం అని ఒక్క మాటతో సరిపెట్టలేదు. అలా సరిపెడితే ఆర్డర్ 8లోని 3, 4, 5 రూల్స్ అడ్డొస్తాయని ఆయనకు తెలుసు. ఒక్కో వాస్తవాన్నీ విడిగా, స్పష్టంగా కాదనాలి, దాటవేస్తూ కాదంటే అది ఒప్పుకున్నట్టే లెక్క అవుతుంది. ఆయన పేరా వారీగా జవాబు రాసి, ఆ తర్వాత తన కథ చెప్పారు. భూమి ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. వారికి పంపకాలు జరగలేదు, జరిగినా ఈ ముక్క అన్న వాటాకే పోతుంది. వాదికి అమ్మింది తమ్ముడు కనుక అతనికి అమ్మే హక్కే లేదు. అన్న 1991లోనే రిజిస్టర్ చేయకుండా తెల్లకాగితం మీద సాదాబైనామా రాసి ప్రతివాదికి స్వాధీనం ఇచ్చాడు.

ఆ జవాబుదావా చదివిన రాత్రి నాకు మట్టెవాడ కేసు గుర్తొచ్చింది. అది మన వరంగల్‌లో పుట్టిన కేసే. మట్టెవాడలోని రెండు స్థలాల గురించి 1978లో ఇక్కడి మున్సిఫ్ కోర్టులో కేవలం ఇంజంక్షన్ కోసం దావాలు వేశారు. వాదులు ఒక మహిళ దగ్గర కొన్నారు, ప్రతివాది ఆమె సోదరుడి దగ్గర కొన్నాడు. ఆ స్థలం తనకు పుట్టింటి నుంచి పసుపు కుంకుమల కింద నోటిమాటగా వచ్చిందని ఆమె సాక్ష్యంలో చెప్పింది, కానీ ఆ సంగతి దావా పత్రంలో లేదు, దాని మీద కోర్టు తేల్చవలసిన వివాదాంశమూ లేదు. కింది కోర్టు డిక్రీ ఇచ్చింది, మొదటి అప్పీలులో అది పోయింది, రెండో అప్పీలులో హైకోర్టు ఆ నోటిమాట దానాన్ని నమ్మి తిరిగి డిక్రీ ఇచ్చింది. 2008 మార్చి 25న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టివేసింది. దావాలో చెప్పని, వివాదాంశంగా రాని హక్కును అప్పీలులో తేల్చడానికి వీల్లేదని చెప్పింది. హక్కు మీద నిజమైన మబ్బు కమ్మినప్పుడు వట్టి ఇంజంక్షన్ దావా చాలదనీ, హక్కు ప్రకటన కూడా కోరాలనీ, ఖాళీ స్థలాల విషయంలో స్వాధీనం హక్కును అనుసరించి పోతుంది కనుక స్వాధీనం తేల్చాలంటే తరచుగా హక్కునే తేల్చాల్సి వస్తుందనీ ఆ తీర్పు వివరించింది. ఈ రోజుకీ దేశమంతటా ఇంజంక్షన్ దావాల్లో ఉదహరించే తీర్పు అది. 30 ఏళ్లు నడిచిన ఆ వ్యాజ్యంలో వాదులు పోగొట్టుకున్నది, మొదటి రోజు రాయవలసిన కొద్ది వాక్యాల వల్ల.

నా క్లయింటు కేసు అచ్చంగా అదే మలుపులో నిలబడి ఉంది. పసుపు కుంకుమల బదులు ఇక్కడ అన్నదమ్ముల నోటిమాట పంపకం ఉంది. ఆమెను పిలిచి అడిగితే, ‘పంచుకున్నరని అమ్మినాయన చెప్పిండు సార్, అది రాయాల్నని నాకు తెల్వదు’ అన్నారు. అది ఆమె తెలుసుకోవలసిన విషయం కాదు, అడగవలసింది నేను.

సవరణ కోసం ఆర్డర్ 6 రూల్ 17 కింద 2020 ఫిబ్రవరిలో పిటిషన్ వేశాం. ఇక్కడ రెండు గడియారాలు ఒకేసారి నడుస్తుంటాయి. మొదటిది విచారణ గడియారం. విచారణ మొదలైన తర్వాత, తగిన శ్రద్ధ చూపినా ముందే ఈ సంగతి లేవనెత్తలేకపోయామని కోర్టును ఒప్పిస్తే తప్ప సవరణను అనుమతించరు, వాది తన సాక్ష్యాన్ని రాసిచ్చే చీఫ్ అఫిడవిట్ దాఖలైతే విచారణ మొదలైనట్టే. మా పిటిషన్ నాటికి వివాదాంశాలు కూడా రూపొందలేదు కనుక ఆ అడ్డంకి లేదు. రెండోది లిమిటేషన్ గడియారం. హక్కు ప్రకటన కోరడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 ప్రకారం, దావా వేసే హక్కు మొదటిసారి పుట్టినప్పటి నుంచి 3 ఏళ్లు. కడీలు పాతుతూ ‘ఈ జాగ నాది’ అన్న 2019 ఆగస్టు నుంచి లెక్కపెడితే 2022 ఆగస్టు దాకా సమయం ఉంది. సవరణ అనుమతిస్తే అది మామూలుగా దావా వేసిన తేదీ నుంచే ఉన్నట్టు లెక్కిస్తారన్న ధైర్యంతో చాలామంది దీన్ని సాగదీస్తారు. కాలం దాటిపోయిన కోరికను సవరణ రూపంలో తెస్తే కోర్టు తోసిపుచ్చవచ్చు, అందుకే సాగదీయడం ప్రమాదం.

సవరణలో మూడు మార్పులు కోరాం. మొదటిది, సుమారు 1980 ప్రాంతంలో అన్నదమ్ములు పెద్దమనుషుల సమక్షంలో భూమి పంచుకుని గెట్టు పెట్టుకున్నారనీ, తూర్పు భాగం తమ్ముడి వాటాకు వచ్చిందనీ, దావా స్థలం ఆ భాగంలోదేననీ చెప్పే పేరా. రెండోది, వాది యజమాని అని ప్రకటించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 కింద కోరిక, దానికి అనుబంధంగా ఇంజంక్షన్. మూడోది షెడ్యూల్‌లో పడమర హద్దు. పాత సేల్ డీడ్‌లో అక్కడ ‘మిగులు భూమి’ అని ఉంది, ఇప్పుడు అక్కడున్నది ప్రతివాది ప్లాటు కనుక దాన్ని పేరుతో రాశాం. హక్కు ప్రకటన చేరాక కోర్టు ఫీజు మారుతుంది. ప్రకటనతో పాటు ఇంజంక్షన్ కోరితే స్థలం మార్కెట్ విలువలో సగం మీద ఫీజు కట్టాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క ప్రకారం స్థలం విలువ 4 లక్షలు, కాబట్టి 2 లక్షల మీద తేడా ఫీజు కట్టాం. ఇంత ఖర్చు ఎందుకు, ఇంజంక్షన్ చాలదా అని వాది బంధువులు అడిగారు. ఆ ప్రశ్నకు నేను మట్టెవాడ తీర్పునే తెలుగులో చెప్పి వినిపించాను.

కరోనా రోజుల్లో పేషీలు ఆగిపోయాయి. పిటిషన్ 2020 చివర్లో అనుమతి పొందింది, ప్రతివాది అదనపు జవాబుదావా వేశాడు. మధ్యవర్తిత్వానికి పంపితే కుదరలేదు.

2021లో వివాదాంశాలు రూపొందాయి. ఒకరు ఔనన్న, మరొకరు కాదన్న ప్రతి ముఖ్యమైన వాస్తవమూ ఆర్డర్ 14 ప్రకారం ఒక వివాదాంశం కావాలి. ఆచరణలో ఈ పని ఐదు నిమిషాల్లో ముగుస్తుంది, చాలామంది వకీళ్లు ఆ రోజు కోర్టు హాల్లో కూడా ఉండరు. మా కేసులో వచ్చినవి మూడే: వాది యజమానిగా ప్రకటనకు అర్హురాలా, ఇంజంక్షన్‌కు అర్హురాలా, ఇంకేమి ఉపశమనం. పంపకం మాటే లేదు. సాదాబైనామా మాట కూడా లేదు. డాకెట్ కాపీ ఆ సాయంత్రమే చదివి, ఆర్డర్ 14 రూల్ 5 కింద పిటిషన్ వేసి రెండు అదనపు వివాదాంశాలు కోరాం: అన్నదమ్ముల మధ్య నోటిమాట పంపకం జరిగి దావా స్థలం వాదికి అమ్మిన వారి వాటాకు వచ్చిందా, ప్రతివాది 1991 సాదాబైనామా కింద స్వాధీనంలో ఉన్నాడా. ప్రతివాది వకీలు కూడా అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే రెండోది ఆయనకూ కావాలి. రుజువు చేయాల్సిన బరువు మొదటిదానికి మా మీద, రెండోదానికి వారి మీద పడింది. ఎవరు ఏ సాక్షిని తేవాలో ఆ రోజే తేలిపోయింది.

సాక్ష్యంలో వాది మొదటి సాక్షి, పి.డబ్ల్యు.1. చీఫ్ అఫిడవిట్ దాఖలు చేసి సేల్ డీడ్‌ను ఎగ్జిబిట్ ఏ1గా మార్క్ చేయించాం, పాత పహాణీల సర్టిఫైడ్ నకళ్లు తర్వాత వచ్చాయి. క్రాస్‌లో ఆమెను ఒక గంట అడిగారు. పంపకం గురించి మీకు స్వయంగా తెలుసా అన్నదే అసలు ప్రశ్న, తెలియదని ఆమె నిజం చెప్పారు. ఆ జవాబుకు మేం భయపడలేదు. ఆమెకు తెలియని సంగతిని ఆమె నోట చెప్పించే బదులు, తెలిసిన మనిషిని తేవడమే మా ప్రయత్నం.

ఆ మనిషి పి.డబ్ల్యు.2, ఆ అన్నదమ్ములకు పాలివాడు, 70 దాటిన రైతు. క్రాస్‌లో ప్రశ్న ఇలా వచ్చింది: పంపకం ఏ సంవత్సరం జరిగింది? ఆయన కొంచెంసేపు ఆగి, ‘సంవత్సరం యాదికి లేదు సార్. మా పెద్దబిడ్డ పెండ్లైన ఏడు. గెట్టు పెట్టిన్నాడు నేనున్న, రాయి మోసింది నేనే’ అన్నాడు. ఆ పెండ్లి ఎప్పుడైందో తర్వాతి ప్రశ్నలో అడిగితే వచ్చిన జవాబు 1980కి దగ్గరగానే ఉంది. రాయి మోసింది నేనే అన్న మాటకు క్రాస్‌లో ఎదురు ప్రశ్నే పడలేదు. సాక్షి చెప్పిన ముఖ్యమైన మాటను క్రాస్‌లో ప్రశ్నించకుండా వదిలేస్తే దాన్ని ఒప్పుకున్నట్టుగా వాదించే అవకాశం ఎదుటి పక్షానికి దొరుకుతుంది.

అయినా నోటిమాట పంపకాన్ని నోటి సాక్ష్యం మీద మాత్రమే నిలబెట్టడం కష్టం. పహాణీల్లో అన్నదమ్ముల పేర్లు విడివిడిగా ఉండటం కొంత బలం, కానీ పహాణీ హక్కు పత్రం కాదు. మాకు నిజంగా ఆసరా ఇచ్చింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు రోజులు వెతికితే దొరికిన ఒక పాత దస్తావేజు. ప్రతివాదికి సాదాబైనామా రాశాడంటున్న అన్న, 1989లో తన భూమిలో మరో ముక్కను మూడో మనిషికి రిజిస్టర్డ్‌గా అమ్మాడు. ఆ దస్తావేజులో తూర్పు హద్దు దగ్గర, తన తమ్ముడి పేరు రాసి ‘వాటాకు వచ్చిన భూమి’ అని తన సంతకంతో చెప్పాడు.

మూడో మనుషుల దస్తావేజుల్లోని హద్దుల రాతలు సాధారణంగా సాక్ష్యంగా చెల్లవని ప్రతివాది వకీలు అభ్యంతరం తెలిపారు. మా జవాబు ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 18. పార్టీ ఎవరి నుంచి హక్కు పొందానంటాడో, ఆ వ్యక్తి తనకు ఆస్తిలో హక్కు ఉన్న కాలంలో చేసిన ప్రకటన ఆ పార్టీ మీద ఒప్పుకోలుగా పనిచేస్తుంది. 1989 నాటికి అన్న, ప్రతివాది మాట ప్రకారమే, ఈ స్థలానికి యజమాని. తన స్థలానికి నష్టం చేసే మాటను ఆయనే రాశాడు. 1991 తర్వాత రాసిన మాట అయితే ఈ వాదన నిలబడేది కాదు. ఈ కేసు విచారణ పాత ఎవిడెన్స్ యాక్ట్ కింద నడిచింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినందున ఇప్పుడు మొదలయ్యే విచారణల్లో సెక్షన్ నంబర్లు వేరు, ఈ సూత్రం మాత్రం అందులోనూ ఉంది.

ప్రతివాది సాక్ష్యంలో నేను జూనియర్‌కు అప్పగించకుండా స్వయంగా నిలబడిన రోజు ఒకటుంది, సాదాబైనామా మార్క్ చేసే రోజు. రిజిస్టర్ కాని అమ్మకం కాగితం హక్కు ఇవ్వదని అందరికీ తెలుసు. అయితే స్వాధీనం చూపడానికి, అంటే పక్క ప్రయోజనం కోసం, దాన్ని చూడమని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 మినహాయింపు కింద అడుగుతారు. అసలు అడ్డంకి స్టాంపు. స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అమ్మకం ఒప్పందానికి మన రాష్ట్రంలో అమ్మకపు స్టాంపే పడుతుంది, స్టాంపు తక్కువైన కాగితాన్ని పక్క ప్రయోజనానికి కూడా చూడకూడదు. ఈ అభ్యంతరం కాగితం మార్క్ అవుతున్న ఆ నిమిషంలోనే చెప్పాలి. ఒకసారి ఎగ్జిబిట్ నంబరు పడి సాక్ష్యంలోకి వెళ్లిపోతే, స్టాంపు చట్టం సెక్షన్ 36 వల్ల అదే దావాలో మళ్లీ స్టాంపు గురించి ప్రశ్నించలేం. వాదనల దశలో చెబుదాంలే అనుకుని ఈ నిమిషాన్ని జారవిడుచుకున్న కేసులు నేను చాలా చూశాను.

ఆ రోజు ప్రతివాది సాక్షి బోనెక్కి తెల్లకాగితం అందించగానే లేచి అభ్యంతరం చెప్పాను. కోర్టు ఇరుపక్షాల మాట విని, తక్కువ స్టాంపు డ్యూటీ, దానికి పెనాల్టీ కట్టమంది. నెలన్నర తర్వాత ప్రతివాది కట్టాడు, కాగితం స్వాధీనం చూపడానికి మాత్రమేనని రాసి ఎగ్జిబిట్ బీ1గా మార్క్ అయింది. క్రాస్‌లో దాని షెడ్యూల్ చదివించాను. అందులో 5 గుంటలు అని ఉంది. గుంటకు 121 గజాల లెక్కన 605 గజాలు. దావా స్థలం 200 గజాలు. నాలుగు హద్దుల్లో రెండు దావా షెడ్యూల్‌తో కలవవు. ఆ 605 గజాల్లో ఈ 200 గజాలు ఎక్కడున్నాయో చూపగలరా అని అడిగితే, చూపలేనని సాక్షి ఒప్పుకున్నాడు. సర్వేయర్‌తో కమిషన్ వేయమని వారు అడగలేదు, రుజువు బరువు మా మీద లేని విషయం గనుక మేమూ అడగలేదు.

వాదనలు రెండు పేషీల్లో ముగిశాయి. వివాదాంశాల వరుసలోనే వాదించి, ఒక్కో దాని కింద దావా పత్రంలోని పేరా, సాక్ష్యంలోని వాక్యం, ఎగ్జిబిట్ పేజీ చూపుతూ రాతపూర్వక వాదనలు కూడా ఇచ్చాం. ఎదుటి వకీలు మట్టెవాడ తీర్పునే మా మీద వాడబోయారు, హక్కు పంపకం నుంచి వచ్చిందన్న మాట మొదటి దావాలో లేదు కదా అన్నారు. న్యాయమూర్తి సవరించిన దావా పత్రం తెరిచి ఆ పేరా చదివి, దీని మీద మీరు అదనపు జవాబు వేశారు, వివాదాంశం కూడా ఉంది, ఇంకేమైనా ఉందా అని అడిగారు. ఆ వాదన అక్కడితో ఆగింది.

2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఐదు వివాదాంశాలకూ విడివిడిగా కారణాలు రాసి, పంపకం రుజువైందనీ, సాదాబైనామా దావా స్థలానిదేనని రుజువు కాలేదనీ, ఖాళీ స్థలం కనుక స్వాధీనం హక్కుదారుకే చెందుతుందనీ తేల్చి, ప్రకటన, ఇంజంక్షన్ రెండూ ఇచ్చారు.

తీర్పు వచ్చాక ఫైలు కట్టేసే అలవాటు నాకు లేదు, డిక్రీ వేరే కాగితం. తీర్పులో ఎందుకో ఉంటుంది, డిక్రీలో ఏమిటో ఉంటుంది, రేపు అమలు చేయించేది డిక్రీనే. తీర్పు రోజు నుంచి 15 రోజుల్లోగా డిక్రీ తయారు కావాలి. మా డిక్రీ నకలు వచ్చినప్పుడు షెడ్యూల్‌ను ఒక్కో హద్దూ వేలు పెట్టి చదివాను. పడమర హద్దు దగ్గర పాత ‘మిగులు భూమి’ మాటే ఉంది. ఆఫీసులో సవరించని పాత దావా పత్రం నుంచి షెడ్యూల్ ఎత్తి రాశారు. అలాగే వదిలితే, ఐదేళ్ల తర్వాత ప్రతివాది మళ్లీ కడీలు తెచ్చి ఈ డిక్రీ నా పక్క స్థలం గురించి కాదు అంటే, ఆర్డర్ 21 రూల్ 32 కింద అమలు పిటిషన్‌లో మళ్లీ హద్దుల మీదే కొట్లాట. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద పిటిషన్ వేసి సరిచేయించాం.

ప్రతివాది నకలు కోసం పట్టిన రోజులు మినహాయించుకుని 30 రోజుల గడువులోనే అప్పీలు వేశాడు. అది ఇంకా నడుస్తోంది. అప్పీలు కారణాల్లో పంపకం, 1989 దస్తావేజు, 605 గజాల లెక్క మీదే వాదనలున్నాయి. దావాలో లేని హక్కు ఇచ్చారన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.